సీసీ లిమిట్‌కి గ్యారంటీ ఇచ్చాను, లిమిట్ పెంచేశారు. ఇప్పుడు నా బాధ్యత ఎంత, బయటికి రావడం ఎలా?

గట్టుమీద_గోపి
మా బావమరిదికి హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపు ఉంది, సొంత పేరు మీదే. 2021లో బ్యాంకు 25 లక్షల సీసీ లిమిట్, అంటే అంతదాకా తీస్తూ వేస్తూ వాడుకునే క్యాష్ క్రెడిట్ ఇచ్చింది, దానికి నేను గ్యారంటీ సంతకం పెట్టాను. నా ఆస్తి ఏదీ తాకట్టు పెట్టలేదు, సంతకం మాత్రమే. 2022లో ఖాతా కొన్ని రోజులు పూర్తిగా సున్నాకి వచ్చింది. 2023లో లిమిట్ 40 లక్షలు చేశారు. ఇవాళ బాకీ 36 లక్షలు. ఖాతా ఇంకా మొండి బాకీ కాకుండా స్టాండర్డ్‌గానే ఉంది గానీ స్టాక్ తగ్గుతోందని వింటున్నాను. సున్నాకి వచ్చినప్పుడే నా గ్యారంటీ తీరిపోయినట్టు కాదా? డీడ్‌లో నాకు అర్థం కాని ముక్కలు ఇవీ: "ఇది కొనసాగే గ్యారంటీ", "మధ్యలో ఖాతా జమలోకి వచ్చినా గ్యారంటీ తీరిపోదు", "గరిష్ఠంగా 25 లక్షలు, దానిపై వడ్డీ, ఖర్చులు అదనం".

సగం_చాయ్
లిమిట్ పెంచినప్పుడు నీ సంతకం తీసుకోకపోతే నువ్వు ఫ్రీ బ్రో. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 133. హామీదారుకి చెప్పకుండా షరతులు మారిస్తే గ్యారంటీ రద్దు. ఇంక హాయిగా పడుకో.

పాత_లెడ్జర్
గోపి గారూ, ఇంకా పడుకోకండి.

ముందు సున్నా సంగతి. టర్మ్ లోను అయితే అప్పు తీరిన రోజే గ్యారంటీ కూడా తీరుతుంది. సీసీ అలా కాదు. అక్కడ మీరు హామీ ఇచ్చింది ఒక మొత్తానికి కాదు, తీస్తూ వేస్తూ నడిచే ఖాతాకి. సెక్షన్ 129 చెప్పేది ఇదే, వరుసగా జరిగే లావాదేవీలకి వర్తించే హామీ. 2022లో సున్నా అయిన మర్నాడు మీ బావమరిది 5 లక్షలు తీసినా ఆ 5 లక్షలు మీ గ్యారంటీ కిందికే వస్తాయి. దానికి తోడు డీడ్‌లో ఆ మాట విడిగా రాసి పెట్టారు కాబట్టి అక్కడ వాదించడానికి ఏమీ లేదు.

ఇక 133. సగం చాయ్ గారు సగమే చెప్పారు. షరతు మారితే హామీదారు బయటపడేది ఆ మార్పు తర్వాతి లావాదేవీల విషయంలోనే. అంతకుముందు బాకీకి బాధ్యత అలాగే ఉంటుంది. పైగా దాదాపు ప్రతి బ్యాంకు డీడ్‌లోనూ "లిమిట్ పెంచినా, తగ్గించినా, గడువు ఇచ్చినా, సెక్యూరిటీ వదిలేసినా హామీదారు ముందుగానే ఒప్పుకుంటున్నాడు" అని ఒక పెద్ద పేరా ఉంటుంది. మీ డీడ్‌లో అది ఉందేమో చూసి, ఉంటే మాటకి మాట ఇక్కడ రాయండి. పక్కనే 133, 134, 135, 139, 141 అని అంకెలు కనిపిస్తే ఆ హక్కులు వదులుకున్నట్టు రాయించుకున్నారన్నమాట.

సగం_చాయ్
ముందుగా ఇచ్చిన ఒప్పుదల చెల్లదని ఎక్కడో చదివాను మరి.

వకాల్తా_వాణి
చెల్లదని చెప్పలేం. ఈ హక్కులు హామీదారు మేలు కోసం ఉన్నవి కాబట్టి వాటిని అతనే వదులుకోవచ్చన్నది కోర్టులు ఎక్కువగా తీసుకునే దారి. గ్యారంటీని వెనక్కి తీసుకునే హక్కు విషయంలో సుప్రీంకోర్టు 2008లో సీతారామ్ గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో అదే అంది. అప్పు విడుదల కాకముందే గ్యారంటీ రద్దు చేసుకుంటున్నానని ఆయన రాసినా, డీడ్‌లో ఆ హక్కు వదులుకున్నాడు కాబట్టి సెక్షన్ 130 కింద తప్పించుకోలేడని తేల్చింది. అందుకే చట్టం కన్నా ముందు డీడ్ చదవాలి.

అంబటి_మిర్చి
నేను చిట్టీకి షూరిటీ పెట్టాను. పాడుకున్నవాడు ఆరు నెలలుగా కట్టడం లేదు, కంపెనీ నా జీతం మీద పడతామంటోంది. నేనూ 133 వాడుకోవచ్చా?

పాత_లెడ్జర్
చిట్టీ లెక్క వేరండీ. అక్కడ బాధ్యత పాడుకున్న తర్వాత కట్టాల్సిన వాయిదాలకి. మొత్తం ముందే తెలుసు, కొత్త లావాదేవీ ఏదీ పుట్టదు. వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ రెండూ కలిస్తే ఇద్దరికీ తికమక.

అంబటి_మిర్చి
సరే. కానీ జీతం సంగతి చెప్పి పంపండి చాలు.

వకాల్తా_వాణి
డిక్రీ వచ్చాకే జీతం జప్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మొదటి 1000 రూపాయలు, ఆపై మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000 జీతమైతే నెలకి 13,000 దాకా పోవచ్చు. ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలకి మించి జప్తు ఉండదు. పీఎఫ్‌ని తాకకూడదు.

గట్టుమీద_గోపి
డీడ్ తీసి చూశాను. 4వ క్లాజులో లెడ్జర్ గారు చెప్పిన పేరా అచ్చంగా ఉంది, "లిమిట్ పెంపుతో సహా" అని కూడా ఉంది. 133, 134, 135, 139, 141 అన్ని అంకెలూ ఉన్నాయి. 7వ క్లాజు: "మొదట డిమాండు చేసిన తేదీ నుంచి వడ్డీ". 9వ క్లాజు: "మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసుతో భవిష్యత్ లావాదేవీల మేరకు గ్యారంటీ ఉపసంహరించుకోవచ్చు". 11: "బ్యాంకు మొత్తం బకాయి తీరేవరకు హామీదారు ఏ సెక్యూరిటీ మీదా హక్కు అడగరాదు". మిగతాది చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

లెక్కల_మాస్టారు
9 మీకు అదృష్టం, చాలా డీడ్లలో అది ఉండదు. 7 కూడా కొంత నయమే. "డిమాండు తేదీ నుంచి" అన్నారు కాబట్టి డిమాండుకి ముందు ఖాతాలో పడిన వడ్డీ మీ 25 లక్షల సీలింగు లోపలే సర్దుకోవాలి. "ఖాతాలో పడిన వడ్డీ అంతా అదనం" అని రాసి ఉంటే సీలింగుకి అర్థమే లేదు.

డిమాండు తర్వాత మాత్రం గడియారం ఆగదు. 25 లక్షల మీద 12 శాతం అనుకోండి. సాధారణ వడ్డీ అయితే రెండేళ్ళకి 31 లక్షలు. నెలనెలా అసలులో కలిపితే 31 లక్షల 74 వేలు. మూడేళ్ళకి 34 లక్షలు, 35 లక్షల 77 వేలు. ఆ పైన కోర్టు ఖర్చులు, లాయరు ఫీజు. డీడ్‌లో "నెలవారీ విరామాలతో" అని ఉందా లేదా చూడండి, తేడా అక్కడే పడుతుంది. డిమాండు నోటీసు వచ్చిన రోజు నుంచి చర్చల పేరుతో ఏడాది నానిస్తే అది మీ ఖర్చే.

సగం_చాయ్
అసలు బ్యాంకు ముందు బావమరిది స్టాకు, షాపు అమ్ముకోవాలి కదా? మిగిలిన లోటు మాత్రమే గ్యారంటర్ దగ్గరికి రావాలి. న్యాయం అదే.

వకాల్తా_వాణి
న్యాయం సంగతేమో గానీ చట్టం అలా లేదు. సెక్షన్ 128, హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ముందు బాకీదారు దగ్గర వసూలు చేసుకో అని హామీదారు అడగలేడని బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో 1968లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకి వెళ్ళకుండానే అమ్ముకునే సర్ఫేసీ చట్టంలో 13(11) కూడా అదే ధోరణి.

గోపి గారికి ఒక ఊరట ఉంది. ఆయన ఆస్తి ఏదీ తాకట్టులో లేదు కాబట్టి బ్యాంకు సర్ఫేసీ నోటీసు ఇచ్చి 60 రోజుల తర్వాత ఆయన ఇంటికి తాళం వేయలేదు. బాకీ 20 లక్షలు దాటింది కాబట్టి అప్పుల వసూలు ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకి వెళ్ళి రికవరీ సర్టిఫికెట్ తెచ్చుకుని, అప్పుడు ఇల్లూ ఖాతాలూ జప్తు చేయాలి. ఆలస్యమవుతుంది, అంతే. డబ్బు మాత్రం అదే.

కౌంటర్_నంబర్_3
ఆలస్యమని మరీ నమ్మకండి. అదే బ్యాంకులో మీకు ఎఫ్‌డీ ఉందా? గ్యారంటీ డీడ్‌లో "హామీదారు ఏ ఖాతాలోని డబ్బునైనా బాకీకి సర్దుకునే హక్కు" అని ఒక లైన్ ఉంటుంది. డిమాండు చేసి గడువు దాటాక ఎఫ్‌డీ సర్దేసుకోవడానికి డీఆర్‌టీ అక్కర్లేదు. భార్యతో జాయింటుగా ఉన్న ఎఫ్‌డీ మీద గొడవ పడవచ్చు, మీ ఒక్కరి పేరు మీద ఉన్నదైతే కష్టం. సిబిల్ రిపోర్టు కూడా తీసి చూడండి, గ్యారంటర్‌గా ఈ ఖాతా మీ పేరు కింద కనిపిస్తుంది. రేపు అది ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయితే మీ సొంత లోను ఫైలు అక్కడే ఆగుతుంది.

గట్టుమీద_గోపి
ఎఫ్‌డీ ఉంది, నా ఒక్కడి పేరు మీదే. 11వ క్లాజు గురించి ఎవరూ చెప్పలేదు.

పాత_లెడ్జర్
ఎవరూ పట్టించుకోని క్లాజు అది. గ్యారంటర్లని ఎక్కువ దెబ్బ కొట్టేదీ అదే. కాస్త ఓపిగ్గా చదవండి.

మామూలుగా అయితే సెక్షన్ 140 ప్రకారం అప్పు కట్టేసిన హామీదారు బ్యాంకు స్థానంలోకి వస్తాడు, 141 ప్రకారం సెక్యూరిటీల మేలు అతనికీ దక్కుతుంది. ఉదాహరణకి మీ బావమరిది షాపు తాకట్టులో ఉందనుకోండి, అమ్మితే 20 లక్షలు. బాకీ 36. మీరు 25 కట్టారు, మిగిలిన 11 షాపు అమ్మకంలోంచి బ్యాంకు తీసుకుంది. ఇంకా 9 మిగులుతుంది, అది మీకు రావాలి. మీ నష్టం 16 లక్షలు. బ్యాంకు ముందే షాపు అమ్మి ఉంటే 36లో 20 పోయి మీరు కట్టేది 16. ఎటు చూసినా ఒకటే.

ఇప్పుడు శాంక్షన్ లెటర్‌లో అదే షాపు వేరే టర్మ్ లోనుకి కూడా సెక్యూరిటీ అని ఉందనుకోండి. 11వ క్లాజు "మొత్తం బకాయి" అంటోంది, ఈ సీసీ బకాయి అనడం లేదు. మీరు 25 కట్టినా, టర్మ్ లోను తీరేదాకా ఆ 9 లక్షల మీద చెయ్యి వేయలేరు. టర్మ్ లోను బాకీ 9కి మించి ఉంటే మీకు సున్నా. అప్పుడు నష్టం 16 కాదు, 25. ఈ సంగతి గ్యారంటీ డీడ్‌లో ఎక్కడా కనబడదు, శాంక్షన్ లెటర్ సెక్యూరిటీ పట్టికలో "ఈ ఆస్తి అన్ని సౌకర్యాలకీ వర్తిస్తుంది" అనే చోట దొరుకుతుంది. గ్యారంటర్ చేతికి డీడ్ వస్తుందేమో గానీ శాంక్షన్ లెటర్ చాలాసార్లు రాదు. అడిగి తీసుకోండి.

హుండీ_కాగితం
స్టాకు తగ్గుతోందని అన్నారు కదా. బ్యాంకు నిర్లక్ష్యంతో సెక్యూరిటీ పోతే ఆ మేరకు గ్యారంటర్ బాధ్యత తగ్గాలి. అమృత్‌లాల్ గోవర్ధన్ లాలన్ కేసు, 1968, సుప్రీంకోర్టు. స్టాకు లోటు విలువ మేరకు హామీదారుకి తగ్గించారు.

వకాల్తా_వాణి
తీర్పు కరెక్టే. కానీ అక్కడ సరుకు బ్యాంకు గుప్పిట్లో ఉంది. సీసీలో స్టాకు హైపోథికేషన్ మాత్రమే, గోడౌన్ తాళాలు బావమరిది దగ్గరే ఉంటాయి. అతను అమ్ముకుని డబ్బు మళ్ళిస్తే అది బ్యాంకు పోగొట్టినట్టా? పాత స్టాక్ స్టేట్‌మెంట్లు, తనిఖీ రిపోర్టులు బయటికి తీసి "నెలల తరబడి తనిఖీయే చేయలేదు" అని చూపించగలిగితే వాదన ఉంటుంది. అది కూడా 141 వదులుకున్న డీడ్ ముందు ఎంత నిలబడుతుందో కోర్టును బట్టి.

హుండీ_కాగితం
వదులుకున్నది హక్కునే గానీ బ్యాంకు నిర్లక్ష్యాన్ని క్షమించినట్టు కాదు. నేను దీని మీద పట్టు వదలను.

వకాల్తా_వాణి
వదలకండి, మంచి పాయింటే. దాని మీద ఆధారపడి ఎఫ్‌డీ అక్కడే ఉంచమని మాత్రం గోపి గారికి చెప్పకండి.

చిలకలూరి_సీను
నాదీ కలుపుకోండి. చెల్లెలి మొగుడి ఇంటి లోనుకి గ్యారంటీ పెట్టాను, ఐదేళ్ళయింది. ఈఎంఐలు కడుతున్నారు. ఇప్పుడు నోటీసిచ్చి తప్పుకోవచ్చా? మూడేళ్ళు దాటితే గ్యారంటీ మురిగిపోతుందని మా ఆఫీసులో అంటున్నారు.

పాత_లెడ్జర్
రెండూ కుదరవు. ఇంటి లోను మొత్తం ఇచ్చేశారు, ఇక "భవిష్యత్ లావాదేవీ" అంటూ లేదు, సెక్షన్ 130 నోటీసుకి కోయడానికి ఏమీ మిగల్లేదు. బ్యాంకు ఒప్పుకుని రాతపూర్వకంగా విడుదల చేయాలి, సాధారణంగా బదులు గ్యారంటర్‌ని అడుగుతారు. మూడేళ్ళు సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు. డీడ్‌లో "డిమాండు మీద చెల్లిస్తాను" అని ఉంటే, డిమాండు చేసి మీరు కాదన్నాక మొదలవుతాయి. 2006లో సిండికేట్ బ్యాంకు, చన్నవీరప్ప బెలేరి తీర్పు. ఒక్క మెలిక ఉంది, అసలు బాకీదారు మీద అప్పటికే మురిగిపోయిన బాకీకి కొత్తగా మీకు డిమాండు పంపలేరు.

సగం_చాయ్
మళ్ళీ గోపి దగ్గరికి వద్దాం. 9వ క్లాజు ఉందిగా, నోటీసు కొట్టేసి మూడు నెలల తర్వాత చేతులు దులుపుకుంటే అయిపోయింది.

లెక్కల_మాస్టారు
చేతులు దులుపుకోవడం కాదు, మీటరు ఆపడం. నోటీసు గడువు ముగిసే రోజున ఖాతాలో ఎంత బాకీ ఉంటే దాని మీద 25 లక్షల దాకా బాధ్యత అలాగే ఉంటుంది. ఇప్పుడు 36 ఉంది, అంటే పూర్తి 25 మీ మీదే. ఆ తర్వాత బావమరిది తీసే డబ్బు మీది కాదు.

ఇక్కడ ఒక వింత లెక్క. గడువు ముగిశాక కూడా బ్యాంకు అదే ఖాతాని నడవనిచ్చిందనుకోండి. తర్వాత ఆరు నెలల్లో 40 లక్షలు జమ, 38 లక్షలు తీత. బాకీ 34. చూడటానికి పెద్దగా మారలేదు. కానీ ఏ బాకీకి జమ అని ఎవరూ చెప్పనప్పుడు ముందు బాకీకి ముందు చెల్లు, సెక్షన్ 61. వచ్చిన 40లో మొదటి 36 పాత బాకీని తుడిచేసింది. ఇప్పుడున్న 34 అంతా కొత్త బాకీ, దానికి మీ హామీ లేదు. మీ బాధ్యత సున్నా అని వాదించవచ్చు.

కౌంటర్_నంబర్_3
అందుకే బ్రాంచిలో తెలివైనవాడుంటే నోటీసు అందగానే ఖాతా ఆపి, కొత్త జమలన్నీ వేరే ఖాతాలో వేస్తాడు. మరీ తెలివైనవాడు "ఖాతా ఆపకపోయినా తర్వాతి జమలు హామీదారు బాధ్యతని తగ్గించవు" అని డీడ్‌లోనే రాసి పెట్టుకుంటాడు. గోపి గారూ, ఆ లైన్ ఉందా?

గట్టుమీద_గోపి
వెతికాను, అలాంటిది కనబడలేదు. "మధ్యలో జమలోకి వచ్చినా" అన్నది ఒక్కటే ఉంది.

వకాల్తా_వాణి
ఆ మాట గ్యారంటీ నడుస్తున్నప్పటిది. ఉపసంహరణ తర్వాత కూడా వర్తిస్తుందని బ్యాంకు అంటుంది, వర్తించదని మీరంటారు. మీ వైపే కొంచెం బరువు ఉందనుకుంటాను.

కౌంటర్_నంబర్_3
ఇంకోటి కూడా ఆలోచించండి. ఖాతా ఆపితే బావమరిది చెక్కులు వెనక్కి వస్తాయి. ఇంట్లో చెప్పకుండా నోటీసు పంపితే రాబోయే పండక్కి మీకు పిలుపు ఉండదు.

అంబటి_మిర్చి
😂 చిట్టీ షూరిటీ నయం, అక్కడ పండక్కి పిలిచేవాళ్ళే లేరు.

గట్టుమీద_గోపి
బ్రాంచికి వెళ్ళి కాపీలు తెచ్చుకున్నాను. 2023లో 40 లక్షల శాంక్షన్ లెటర్ చివరి పేజీలో "షరతులు అంగీకరించాము" అన్న చోట గ్యారంటర్ అని నా సంతకం ఉంది. కొత్త గ్యారంటీ డీడ్ మాత్రం లేదు. షాపు తాకట్టు సీసీకి మాత్రమే, టర్మ్ లోను ఏదీ లేదు. మేనేజరు మాత్రం "మీ గ్యారంటీ 40కి" అంటున్నాడు.

వకాల్తా_వాణి
ఆ సంతకంతో 133 వాదన పోయింది, పెంపు మీకు తెలుసు, ఒప్పుకున్నారు. కానీ సీలింగు 40కి పెరిగిందా అన్నది వేరు. డీడ్‌లో 25 అని ఉంది, దాన్ని సవరించే కాగితం లేదు. నా లెక్కలో 25.

పాత_లెడ్జర్
నాకంత ధీమా లేదు. గ్యారంటీకి ఫలానా ఫారంలోనే ఉండాలన్న నియమం లేదు, సెక్షన్ 126 ప్రకారం నోటిమాటైనా చాలు. శాంక్షన్ లెటర్‌లో "సెక్యూరిటీ: ఫలానా వారి వ్యక్తిగత గ్యారంటీ, 40 లక్షలకి" అని ఉండి దాని కింద మీరు సంతకం పెట్టి ఉంటే, ఆ లెటరే గ్యారంటీ అని బ్యాంకు లాయరు అంటాడు. ఆ పట్టికలో మీ పేరు ఎదురుగా మొత్తం రాశారా, ఖాళీగా ఉందా చూడండి.

గట్టుమీద_గోపి
"వ్యక్తిగత గ్యారంటీ" అని పేరు ఉంది. మొత్తం రాయలేదు.

వకాల్తా_వాణి
అయితే నేను చెప్పిందే.

పాత_లెడ్జర్
అరవై శాతం మీరు చెప్పింది. మిగతా నలభైకి జాగ్రత్తగా లెటరు రాద్దాం. 9వ క్లాజు ప్రకారం మూడు నెలల నోటీసు అని మొదటి లైన్‌లోనే రాయండి. డీడ్ తేదీ, ఖాతా నంబరు, "నా బాధ్యత డీడ్‌లో రాసిన 25 లక్షల మేరకే, 2023 అంగీకారం దాన్ని పెంచలేదు" అన్న వాక్యం, గడువు ముగిసే రోజుకి బాకీ ఎంతో రాతపూర్వకంగా తెలపమని, ఆ తర్వాతి లావాదేవీలు వేరే ఖాతాలో నడపమని ఒక కోరిక. కాస్త ఆగండి, ఆ చివరి కోరిక వద్దు. మాస్టారి లెక్క మీకు లాభం, బ్యాంకుకి మీరే గుర్తు చేయడం దేనికి. బ్రాంచిలో ఇచ్చి కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి, ఇంకో కాపీ స్పీడ్ పోస్టులో పంపండి. గ్యారంటీ తీరిందని బ్యాంకు ఇచ్చే విడుదల లెటరు వచ్చేదాకా ఈ కాగితాలు పారేయకండి.

హుండీ_కాగితం
అలాగే గత ఏడాది స్టాక్ తనిఖీ రిపోర్టుల కాపీలు అడగండి ఆ లెటరులోనే. ఇవ్వకపోయినా అడిగినట్టు ఉంటుంది.

గట్టుమీద_గోపి
ఎఫ్‌డీ ఇప్పుడే మార్చుకోవచ్చా? డిమాండు రాలేదు కదా.

కౌంటర్_నంబర్_3
డిమాండు లేదు, ఎఫ్‌డీ మీద బ్యాంకు తన హక్కు పెట్టుకున్న లీన్ మార్క్ లేదు అంటే అది మీ డబ్బు. ముందస్తు మూసివేతకి వడ్డీ కొంచెం కోస్తారు. లీన్ ఉందో లేదో నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ వివరాల్లో చూసుకోండి. నోటీసు ఇచ్చే రోజే మాత్రం అడగకండి, ఆ కౌంటర్‌లో కూర్చునేవాడిగా చెప్తున్నా.